ఎడిట్ అయిపోయిన వీడియోలో పాట మార్చడం: కట్‌లు బీట్ మీదే ఉండాలంటే

ప్రశ్న: "అన్నా, మూడు నిమిషాల పెళ్ళి హైలైట్స్ సినిమా పాట మీద కట్ చేశాను. క్లయింట్ యూట్యూబ్‌లో పెడితే కాపీరైట్ క్లెయిమ్ వచ్చి అమెరికాలో ఉన్న వాళ్ళ చుట్టాలకు బ్లాక్ అయింది. రాయల్టీ ఫ్రీ మ్యూజిక్ వేసి చూశాను, ఒక్క కట్ కూడా బీట్ మీద పడట్లేదు. ప్రాజెక్ట్ ఫైల్ పోయింది, ఎక్స్‌పోర్ట్ చేసిన ఎంపీ4 ఒక్కటే ఉంది. మొత్తం మళ్ళీ ఎడిట్ చేయాల్సిందేనా?"

అక్కర్లేదు. కట్‌ల జోలికి పోకండి, మ్యూజిక్‌నే కోసి కట్‌లకు సరిపెట్టండి. పాత పాట టెంపోకి దగ్గరగా ఉన్న ట్రాక్ తీసుకుని, శ్రుతి మారకుండా వేగం సరిచేసి, మొదటి దెబ్బని మొదటి దెబ్బ మీద కూర్చోబెడితే ఎక్కువ కట్‌లు వాటంతట అవే బీట్ మీద పడతాయి. ఆ తర్వాత కొత్త ట్రాక్‌ని లోపల ముక్కలు చేసి, వీడియోలో పెద్ద ఘట్టాలు వచ్చే చోటికి మ్యూజిక్‌లో పెద్ద ఘట్టాలు తేవాలి. మీలాంటి మూడు నిమిషాల వీడియోకి, సరైన ట్రాక్ దొరికాక నాకు పట్టేది ఒక పూట. ట్రాక్ వెతకడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది, అది వేరే సంగతి.

నేను పెళ్ళి వీడియోలు ఎడిట్ చేయబట్టి పద్నాలుగేళ్ళయింది. ఇలాంటి మార్పిడులు చాలా చేశాను. మొదట్లో నేనూ మీలాగే కొత్త ట్రాక్ వేసుకుని, దానికి తగ్గట్టు కట్‌లు జరుపుతూ కూర్చునేవాణ్ణి. ఒక కట్ జరిపితే దాని వెనకవన్నీ జరిగిపోయేవి. రెండు రోజులు పోయేవి, పాత ఎడిట్‌లో ఉన్న ఊపు మాత్రం వచ్చేది కాదు.

ముందు పాత పాట టెంపో కచ్చితంగా తెలియాలి. "సుమారు 105" అంటే సరిపోదు. నిమిషానికి 104 దెబ్బలు పడే చోట 105 పడితే, నిమిషం తిరిగేసరికి ఒక పూర్తి బీట్ తేడా వస్తుంది. అర నిమిషం దగ్గరే అర బీట్ తేడా, అంటే కట్ సరిగ్గా రెండు దెబ్బల మధ్య పడుతుంది. అంతకన్నా చెడ్డ చోటు ఇంకోటి లేదు. మీకు ఒక్క కట్ కూడా కలవకపోవడానికి కారణం బహుశా ఇదే.

ఫోన్‌లో తట్టి టెంపో చెప్పే యాప్‌లు వెతుకులాటకు పనికొస్తాయి, కొలతకు పనికిరావు. నేను చేసేది ఇది: ఎంపీ4ని టైమ్‌లైన్ మీద వేసి, ఆడియో తరంగం పెద్దది చేసి, పాటలో మొదటి బలమైన దెబ్బ పడిన చోట మార్కర్ పెడతాను. ప్రీమియర్‌లోనూ రిజాల్వ్‌లోనూ కీబోర్డ్ మీద M నొక్కితే చాలు. చివరికి దగ్గర్లో ఇంకో బలమైన దెబ్బ దగ్గర రెండో మార్కర్. మధ్యలో ఎన్ని బీట్లు వచ్చాయో నాలుగేసి చొప్పున లెక్కపెడతాను. నిమిషానికి ఎన్ని బీట్లో చెప్పే అంకెనే BPM అంటారు. దాని లెక్క ఇంతే:

```
BPM = బీట్ల సంఖ్య × 60 ÷ మధ్యలో సెకన్లు
```

మార్కర్ పెట్టడంలో ఒక ఫ్రేమ్ అటూ ఇటూ అయినా, మధ్య దూరం రెండు నిమిషాలు ఉంటే ఫలితం దాదాపు కదలదు. పది సెకన్ల దూరంలో కొలిస్తే అదే ఒక ఫ్రేమ్ మిమ్మల్ని ముంచుతుంది.

పాత సినిమా పాట అయితే ఒక చిక్కుంది. వాద్యకారులంతా కలిసి కూర్చుని వాయించిన రోజుల్లోని పాటల్లో టెంపో మధ్యలో కాస్త పెరుగుతుంది, చరణంలో కాస్త తగ్గుతుంది. ఇప్పటి పాటలు ఎక్కువగా క్లిక్ పెట్టుకుని చేసినవి కాబట్టి నిలకడగా ఉంటాయి. అనుమానం ఉంటే మొదటి సగం ఒకసారి, రెండో సగం ఒకసారి విడివిడిగా కొలవండి. రెండు అంకెలూ కలవకపోతే కొత్త ట్రాక్‌ని కూడా రెండు మూడు ముక్కలుగా, ఒక్కో ముక్కకి ఒక్కో వేగం ఇచ్చి సాగదీయాలి.

తర్వాత నడక చూడాలి, అంటే ఒక్కో బీట్ లోపల ఎన్ని చిన్న దెబ్బలు పడుతున్నాయో. మనవాళ్ళు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. మన పాటల్లో చాలా తిస్ర నడకలో ఉంటాయి, "తకిట తకిట" అని. బరాత్‌లో వినపడే తీన్‌మార్ ఊపు కూడా అటువంటిదే. రాయల్టీ ఫ్రీ సైట్లలో దొరికేవి ఎక్కువ భాగం "తకధిమి" అని చతురస్రంలో ఉంటాయి. టెంపో అంకె కలిసినా నడక కలవకపోతే, బీట్ లోపలి చిన్న దెబ్బల మీద వేసిన కట్‌లన్నీ తేలిపోతాయి. మీ కట్‌లన్నీ పెద్ద దెబ్బల మీదే ఉంటే పరవాలేదు, చతురస్రం ట్రాక్ కూడా నడుస్తుంది. చిన్న దెబ్బల మీద కూడా వేగంగా కట్ చేసి ఉంటే 6/8 అనో 12/8 అనో రాసి ఉన్న ట్రాక్‌లే వెతకండి. ఇంకో వెసులుబాటు కూడా ఉంది. మీ పాట 140 అయితే 70 ట్రాక్ కూడా చూడొచ్చు. దాని ప్రతి దెబ్బా మీ రెండు దెబ్బలకు ఒకటి చొప్పున పడుతుంది.

ఇక టెంపో ఎంత తేడా ఉండొచ్చు? నా అనుభవంలో 4 శాతం వరకు సాగదీసినా తగ్గించినా ఎవరికీ తెలియదు. 8 శాతం దాకా వెళితే సింథ్, డ్రమ్స్ ఉన్న ట్రాక్ ఓర్చుకుంటుంది గానీ గిటార్, వీణ మీటు, మనిషి గొంతు ఉన్నవి నీళ్ళలో మునిగినట్టు వినపడతాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తాళం దెబ్బ ఒక్కటి జాగ్రత్తగా వినండి. ఆ ఒక్క దెబ్బ రెండు దెబ్బల్లాగా చీలితే ఎక్కువ సాగదీశారని లెక్క. ఆడాసిటీలో `Change Tempo` తెరిస్తే పాత అంకె, కొత్త అంకె అడుగుతుంది. శాతం అదే లెక్క కడుతుంది. ప్రీమియర్‌లో వేగం మార్చేటప్పుడు `Maintain Audio Pitch`, రిజాల్వ్‌లో `Pitch Correction` టిక్ పెట్టడం మర్చిపోతే శ్రుతి కూడా పైకి లేస్తుంది.

ఇప్పుడు నేను చేసిన ఒక వీడియో లెక్కతో సహా చెబుతాను. అసలు పని ఇందులోనే ఉంది.

వీడియో 3 నిమిషాల 9 సెకన్లు, సెకనుకి 25 ఫ్రేములు, 92 షాట్లు. పాట మొదటి దెబ్బ సరిగ్గా 2వ సెకను దగ్గర. అక్కణ్ణించి తలంబ్రాల దాకా 129.23 సెకన్లలో 224 బీట్లు వచ్చాయి. అంటే 104 బీపీఎం. నాలుగు బీట్లు ఒక ఆవర్తం అనుకుంటే ఒక్కో ఆవర్తం 2.31 సెకన్లు. వీడియోలో రెండు ఘట్టాలు పాటతో గట్టిగా ముడిపడి ఉన్నాయి. జీలకర్ర బెల్లం వేళ అడ్డుతెర దించే షాట్ 25వ ఆవర్తం మొదటి దెబ్బ మీద, తలంబ్రాలు 57వ ఆవర్తం మొదటి దెబ్బ మీద పడ్డాయి.

దొరికిన ట్రాక్ 100 బీపీఎం, 2 నిమిషాల 36 సెకన్లు. 4 శాతం వేగం పెంచితే 104 అయింది, నిడివి రెండున్నర నిమిషాలకు తగ్గింది. మొదటి దెబ్బని 2వ సెకను మీద పెట్టి ప్లే చేస్తే కట్‌లు బీట్ మీదే పడ్డాయి. కానీ వీడియో మాత్రం చచ్చుగా ఉంది. ఎందుకంటే ట్రాక్‌లో డ్రమ్స్ మొత్తం ఒక్కసారిగా లేచే చోటు 17వ ఆవర్తం. మన తెర దిగేది 25లో. పెళ్ళికూతురు ఇంకా బుట్టలో కూర్చుని వస్తుండగానే మ్యూజిక్ పండిపోయి, అసలు తెర దిగే సమయానికి చల్లారిపోతోంది.

ట్రాక్ లోపలి అమరిక రాసుకున్నాను. ప్రారంభం 8 ఆవర్తాలు, మెల్లగా నడిచేది 8, పెద్ద భాగం 16, విరామం లాంటిది 8, మళ్ళీ పెద్ద భాగం 16, ముగింపు 8. మొత్తం 64. దాదాపు అన్ని రాయల్టీ ఫ్రీ ట్రాక్‌లూ ఇలా ఎనిమిదేసి ఆవర్తాల దిమ్మలతోనే కట్టి ఉంటాయి, మన పని సులువయ్యేది అందుకే. మెల్లగా నడిచే 8 ఆవర్తాలను రెండుసార్లు వేశాను. పెద్ద భాగం 17 నుంచి 25కి జరిగింది, తెర మీదికి వచ్చేసింది. ఇప్పుడు విరామం 41లో మొదలై 48లో అయిపోతుంది, రెండో పెద్ద భాగం 49లో వస్తుంది. నాకు కావాల్సింది 57. కాబట్టి విరామం కూడా రెండుసార్లు. తలంబ్రాలు సరిగ్గా దాని మీద పడ్డాయి. మొత్తం 80 ఆవర్తాలయ్యాయి. చివరి దెబ్బ 3 నిమిషాల ఆరున్నర సెకన్లకి పడి, దాని మోత పేర్లతో పాటు మెల్లగా ఆగిపోయింది. పాత వీడియోలో పాటని మధ్యలో ఫేడ్ చేసి ముగించారు, దీనికి మాత్రం నిజమైన ముగింపు దొరికింది.

దిమ్మలు అతికించేటప్పుడు రెండు సంగతులు చూసుకోండి. మొదటిది, అతుకు పెద్ద డ్రమ్ దెబ్బకి ఒక్క క్షణం ముందు ఉండాలి. ఒక ఫ్రేమ్‌కి మించని క్రాస్‌ఫేడ్ పెడితే చాలు, ఆ దెబ్బ మోతలో అతుకు కనపడదు. నిశ్శబ్దంగా ఉన్న చోట అతికిస్తే ప్రతివాడికీ వినపడుతుంది. రెండోది, దిమ్మ చివరి ఆవర్తంలో డ్రమ్స్‌తో ఒక చిన్న దరువు ఉంటుంది, "ఇదిగో పెద్ద భాగం వస్తోంది" అని చెప్పడానికి. దిమ్మని ఉన్నదున్నట్టు రెండుసార్లు వేస్తే ఆ దరువు వచ్చాక పెద్ద భాగం రాదు, మళ్ళీ మెల్లగా మొదలవుతుంది. చూసేవాళ్ళకి ఎందుకో తెలియదు గానీ మోసపోయినట్టు ఉంటుంది. అందుకే మొదటి కాపీలో చివరి ఆవర్తం తీసేసి, అదే దిమ్మలో దరువు లేని నాలుగో ఆవర్తం అక్కడ పెట్టాను. స్వరం కలిసిందో లేదో చెవితో చూసుకోవాలి. నాకు కలిసింది. కలవకపోతే ఇంకో ఆవర్తం ప్రయత్నించండి.

ఇంత చేసినా 92 షాట్లలో ఏడు కట్‌లు తేడాగా ఉన్నాయి. అవి పాత పాటలో బీట్‌కి మధ్యలో పడే ఒక మెలిక మీద కట్ చేసినవి. కొత్త ట్రాక్‌లో ఆ మెలిక లేదు. ఇక్కడ కూడా వెంటనే కట్ జరపకండి. కట్‌ని శబ్దం దగ్గరికి తీసుకెళ్ళే బదులు శబ్దాన్నే కట్ దగ్గరికి తెచ్చుకోవచ్చు. కాలి పట్టీ కనపడే షాట్‌కి గజ్జె చప్పుడు, అక్షింతలు పడే షాట్‌కి చిన్న తాళం దెబ్బ, ఇలా ఐదు చోట్ల ఒక్కో శబ్దం పెట్టేసరికి కావాలని చేసినట్టు కుదిరింది. మిగిలిన రెండు చోట్ల మాత్రం బొమ్మనే ముట్టుకోవాల్సి వచ్చింది.

ఎంపీ4 ఒక్కటే ఉన్నప్పుడు బొమ్మని ముట్టుకోవడంలో ఇబ్బంది ఏమిటంటే, ప్రతి షాట్‌కి అటూ ఇటూ మిగులు ఉండదు. ప్రీమియర్‌లో `Scene Edit Detection` వాడితే ఫైల్‌ని షాట్‌లుగా అదే కోస్తుంది. రిజాల్వ్‌లో మీడియా పేజీలో `Scene Cut Detection` ఉంది. ఒక షాట్ మెల్లగా ఇంకోదానిలో కరిగే చోట్లని ఇవి సరిగా పట్టవు, పట్టినా ఆ రెండింటినీ విడదీయలేం. మామూలు కట్ అయితే, దాన్ని 7 ఫ్రేములు ముందుకు లాగాలంటే ముందు షాట్‌ని 7 ఫ్రేములు తగ్గించొచ్చు. తర్వాతి షాట్ 7 ఫ్రేములు పెరగాలి. మిగులు లేదు కాబట్టి వేగం తగ్గించాలి. నా షాట్ 36 ఫ్రేములది. 43కి సాగాలంటే వేగం 84 శాతం. అది ఎలాగూ స్లో మోషన్ షాట్ కాబట్టి చెల్లింది. మాట్లాడుతున్న షాటో, కెమెరా పక్కకు జరుగుతున్న షాటో అయితే జెర్కులు కొడుతుంది. ఎంత తగ్గించారో పక్క షాట్‌లో అంతే పెంచండి. మొత్తం నిడివి ఒక్క ఫ్రేమ్ మారినా వెనక ఉన్నవన్నీ జరుగుతాయి.

ఫ్రేముల గురించి ఒక మాట. 104 బీపీఎం దగ్గర ఒక బీట్ అంటే 14.42 ఫ్రేములు. కట్ ఎప్పుడూ పూర్తి ఫ్రేమ్ మీదే పడాలి కాబట్టి సరిగ్గా బీట్ మీద పడటం దాదాపు జరగదు, అర ఫ్రేమ్ అటూ ఇటూ ఉంటుంది. అది కంటికి తెలియదు. కట్ బీట్ కన్నా ఒకటి రెండు ఫ్రేములు ముందు పడినా బాగానే ఉంటుంది, నాకైతే అదే ఇష్టం. వెనక పడితే మాత్రం వెంటనే బద్ధకంగా అనిపిస్తుంది. 14 ఫ్రేములకొకటి అని లెక్కేసుకుంటూ మార్కర్లు పెట్టకండి, ఆరు ఆవర్తాలు దాటేసరికి మార్కర్ బీట్ కన్నా పది ఫ్రేములు ముందు పడుతుంది.

అంతా పెట్టాక ఒకసారి ఆపకుండా చూడండి. మొదట్లో బాగుండి పోను పోను జారుతోందంటే టెంపో కొలత తప్పు. మొదటి నుంచి చివరి దాకా ఒకే తేడా ఉంటే మొదటి దెబ్బ తప్పు చోట పెట్టారు, మొత్తం ట్రాక్‌ని జరపండి. కట్‌లు బీట్ మీదే ఉన్నా బలం లేకుండా ఉంటే, ఆవర్తంలో ఒకటో దెబ్బకి బదులు రెండో దెబ్బ మీద కూర్చోబెట్టారేమో చూడండి. ఒక బీట్ జరిపితే సర్దుకుంటుంది.

మీ వీడియోలో పాటతో పాటు మంత్రాలు, మాటలు కూడా కలిసి ఉన్నాయో లేదో మీరు రాయలేదు. ఉంటే, పాత ఆడియోని కాస్త తగ్గించి కింద ఉంచేద్దామని మాత్రం అనుకోకండి. సన్నగా వినపడే పాటని కూడా యూట్యూబ్ వ్యవస్థ పట్టేస్తుంది. ప్రాజెక్ట్ పోయినా కెమెరా ఫైళ్ళు హార్డ్‌డిస్క్‌లో ఉంటాయి కదా, హైలైట్స్‌లో అలాంటి చోట్లు నాలుగైదే ఉంటాయి. వాటి అసలు శబ్దం తెచ్చి బొమ్మ చూసి కలుపుకోండి. నాదస్వరం వాళ్ళు సినిమా పాట వాయించిన ముక్క వాడితే అది కూడా పట్టుబడొచ్చు, ఎందుకంటే రికార్డింగ్‌నే కాదు, బాణీని కూడా పోల్చి చూస్తారు.

బొమ్మ ముట్టుకోకుండా పని అయిపోతే వీడియోని మళ్ళీ ఎక్స్‌పోర్ట్ చేయకండి, అనవసరంగా నాణ్యత పోతుంది. మ్యూజిక్‌ని వీడియో నిడివికి సరిగ్గా వావ్ ఫైల్‌గా తీసి ఇలా అతికించండి. బొమ్మ యథాతథంగా ఉంటుంది:

```
ffmpeg -i video.mp4 -i music.wav -map 0:v -map 1:a -c:v copy -c:a aac -b:a 320k out.mp4
```

లైసెన్స్ గురించి. రాయల్టీ ఫ్రీ అంటే కాపీరైట్ లేదని కాదు, వాడిన ప్రతిసారీ డబ్బు కట్టక్కర్లేదని మాత్రమే. క్రియేటివ్ కామన్స్ ట్రాక్ అయితే పేరు పక్కన NC ఉంటే డబ్బు తీసుకుని చేసే పెళ్ళి వీడియోకి వాడకండి. ND ఉంటే అసలే వద్దు. మీరు ట్రాక్‌ని ముక్కలు కోయకపోయినా, కదిలే బొమ్మకి మ్యూజిక్ జతచేయడమే మార్పు కింద లెక్క. BY ఉంటే వివరణలో పేరు రాయాలి. నెలనెలా డబ్బు కట్టే సైట్ల లైసెన్స్ చాలాసార్లు మీ చానెల్‌కే పనిచేస్తుంది, క్లయింట్ చానెల్‌కి కాదు. నాకు ఒకసారి అలాగే అయింది. డబ్బు కట్టి తెచ్చిన ట్రాక్ మీదే క్లయింట్ చానెల్‌లో క్లెయిమ్ పడింది. లైసెన్స్ కాగితం దాచుకున్నాను కాబట్టి దాన్ని చూపించి తీయించగలిగాను. ఇప్పుడు వీడియోతో పాటు ఆ పీడీఎఫ్ కూడా క్లయింట్‌కి పంపేస్తాను.

యూట్యూబ్ స్టూడియోలోనే పాట మార్చే వీలుంది కదా అని ఎవరైనా అంటారు. ఉంది, లింక్ కూడా మారదు. కానీ అక్కడ సాగదీయడం, దిమ్మలు తిరగేయడం కుదరదు, కాబట్టి బీట్ సంగతి మర్చిపోవాలి. మన పద్ధతిలో చేస్తే కొత్త ఫైల్ మళ్ళీ అప్‌లోడ్ చేయాలి, లింక్ మారుతుంది. ముందు ప్రైవేట్‌గా పెట్టి, `Checks` దగ్గర ఏమీ రాలేదని చూశాకే క్లయింట్‌ని కొత్త లింక్ చుట్టాలకి పంపమనండి.

మీ పాట తిస్రమో చతురస్రమో, టెంపో ఎంత వచ్చిందో కొలిచి ఇక్కడే కింద రాయండి. దాన్ని బట్టి ఎలాంటి ట్రాక్ వెతకాలో చెబుతాను.